ఫీజు సున్నా అన్నారు, రెండో నెల 1,140 రూపాయలు తగ్గాయి

ప్రశ్న: నమస్తే అండీ. మాది ఒంగోలు. అమ్మాయికి దగ్గరగా ఉంటుందని బెంగళూరు వచ్చి మారతహళ్ళిలో అద్దెకుంటున్నాం. మా అబ్బాయి డాలస్ నుంచి నెలనెలా 600 డాలర్లు పంపిస్తాడు. ఇంటద్దె, మావారి షుగరు, బీపీ మందులు అందులోనే. ఆ మధ్య ఫోన్లో తెలుగులో ఒక ప్రకటన వచ్చింది: ‘అమ్మానాన్నలకి పంపే ప్రతి డాలరుకీ పూర్తి విలువ. ఫీజు సున్నా. బ్యాంకు కంటే మంచి రేటు.’ అబ్బాయికి పంపిస్తే, సరే చూద్దాం అని దాని ద్వారానే వేశాడు. మొదటి నెల 54,480 రూపాయలు పడ్డాయి. చాలా సంతోషించాం. రెండో నెల అదే 600 డాలర్లకి 53,340 వచ్చాయి. టీవీలో చూస్తే డాలరు రెండు నెలలూ 90 దగ్గరే ఉంది. ఫీజే లేనప్పుడు ఆ 1,140 రూపాయలు ఎటు పోయాయి? ఇది మోసమా? ఇలాంటి ప్రకటనల్లో ఏది నమ్మాలో ఎలా తెలుస్తుంది?
— ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: మీ డబ్బు ఎవరూ కొట్టెయ్యలేదమ్మా. కానీ ఆ ప్రకటన మీకు చెప్పాల్సిన మాట చెప్పలేదు. ముందు ఒక చిన్న భాగహారం చేద్దాం. 54,480ని 600తో భాగిస్తే డాలరుకి 90 రూపాయల 80 పైసలు. 53,340ని భాగిస్తే 88 రూపాయల 90 పైసలు. మీ ప్రశ్నకి సమాధానమంతా ఈ రెండు అంకెల మధ్యలోనే ఉంది.

మీరు టీవీలో చూసే 90 రూపాయలు బ్యాంకులు పెద్ద మొత్తాల్లో తమలో తాము డాలర్లు కొనుక్కునే, అమ్ముకునే ధర. గూగుల్‌లో కొట్టినా దాదాపు అదే వస్తుంది. దాన్ని మార్కెట్ రేటు అనుకుందాం. ఇంటికి డబ్బు పంపేవాళ్ళకి మామూలుగా అంతకంటే కాస్త తక్కువ రేటు ఇస్తారు. ఆ తేడాయే కంపెనీ సంపాదన. దాన్నే మార్జిన్ అంటారు. ఫీజు అయితే రసీదులో విడిగా కనిపిస్తుంది. మార్జిన్ రేటులో కలిసిపోయి ఉంటుంది కాబట్టి దానికంటూ ఒక గడి ఉండదు. ‘ఫీజు సున్నా’ అని పెద్ద అక్షరాల్లో వేసుకోగలిగేది అందుకే. ఆ మాట అబద్ధమూ కాదు.

ఇప్పుడు మీ లెక్క చూడండి. మార్కెట్ రేటు ప్రకారం 600 డాలర్లంటే 54,000. మొదటి నెల మీకు అంతకంటే 480 ఎక్కువ వచ్చాయి. ఏ కంపెనీ అయినా మార్కెట్ కంటే ఎక్కువ రేటు ఎందుకిస్తుంది? కొత్తగా చేరినవాళ్ళని పట్టుకోవడానికి ఇస్తుంది. అది వాళ్ళ ప్రకటనల ఖర్చు, మీ అబ్బాయి చేరినందుకు ఇచ్చిన బహుమతి. రెండో నెల మామూలు రేటుకి వచ్చేశారు. డాలరుకి రూపాయి పది పైసలు వాళ్ళు ఉంచుకున్నారు. 600 డాలర్ల మీద అది 660 రూపాయలు. 480, 660 కలిపితే మీరు అడిగిన 1,140. ఇందులో 480 మళ్ళీ రానిదే, దాన్ని మర్చిపోండి. మీరు ఇక నుంచి పట్టించుకోవాల్సింది ఆ 660 గురించి. అది ఒక్క నెలది కాదు, ప్రతి నెలా పోయేది.

మీరు పంపిన ప్రకటన మాటల్ని ఒక్కొక్కటే చూద్దాం. ‘బ్యాంకు కంటే మంచి రేటు’ అన్నారు. ఏ బ్యాంకు, ఏ రోజు, ఎంత మొత్తానికి? చిన్న మొత్తాలకి బ్యాంకులు విదేశీ డబ్బుని మార్చే రేటు సాధారణంగా అంత గొప్పగా ఉండదు. దానికంటే పది పైసలు ఎక్కువిచ్చినా ఆ మాట నిజమైపోతుంది. పోల్చాల్సింది బ్యాంకుతో కాదు, మార్కెట్ రేటుతో. ఇక ‘ప్రతి డాలరుకీ పూర్తి విలువ’ అనేది రూపాయి పది పైసలు తీసుకునేవాళ్ళు అనదగిన మాట కాదు. నాకు అభ్యంతరం ఇక్కడే. ఇలాంటి ప్రకటనల్లో చాలావరకు ఎక్కడో ఒక నక్షత్రం గుర్తు ఉంటుంది. దాని కింద చిన్న అక్షరాల్లో ‘కొత్త కస్టమర్లకు’, ‘మొదటి బదిలీకి మాత్రమే’, ‘మొదటి ఇన్ని డాలర్ల వరకు’ అని రాసి ఉంటుంది. మీ అబ్బాయిని ఆ యాప్‌లో ఒకసారి వెతకమనండి, దొరుకుతుంది.

అలాగని ఫీజు తీసుకునేవాళ్ళంతా మంచివాళ్ళు, తీసుకోనివాళ్ళు చెడ్డవాళ్ళు అనుకోవద్దు. ఇంకో కంపెనీ 4 డాలర్లు ఫీజు తీసుకుని 89 రూపాయల 90 పైసల రేటు ఇస్తోందనుకుందాం. మీ అబ్బాయి ఖాతా నుంచి వెళ్ళేది అదే 600. అందులో 4 పోగా 596 డాలర్లు మారితే 53,580 రూపాయలు. ‘సున్నా ఫీజు’ కంపెనీ కంటే మీకు 240 ఎక్కువ. అదే మీ అబ్బాయి ఎప్పుడైనా 300 మాత్రమే పంపాడనుకోండి. ఫీజు లేని చోట 26,670 వస్తాయి. ఫీజు ఉన్న చోట 296 డాలర్లే మారతాయి కాబట్టి 26,610. ఈసారి ఫీజు లేనిదే 60 రూపాయలు మేలు. ఎందుకంటే ఎంత పంపినా ఫీజు అదే 4 డాలర్లు, మార్జిన్ మాత్రం పంపే మొత్తంతో పాటు పెరుగుతుంది. ఈ రెండు రేట్ల దగ్గర 360 డాలర్ల చుట్టుపక్కల రెండూ సమానమవుతాయి. అంతకు మించి పంపేవాళ్ళు, అంటే మీలాంటివాళ్ళు, రేటు చూసుకోవాలి. పండక్కి వందో నూటయాభయ్యో పంపేవాళ్ళు ఫీజు చూసుకోవాలి.

పోల్చేటప్పుడు రెండు జాగ్రత్తలు. కొన్ని చోట్ల ఫీజుని పంపే మొత్తంలోంచి తీసుకుంటారు, కొన్ని చోట్ల దాని పైన వేస్తారు. పైన వేస్తే మీ అబ్బాయి ఖాతా నుంచి 604 పోతాయి, మీకేమో రేటు బాగున్నట్టు కనిపిస్తుంది. అందుకని ఆయన దగ్గర్నుంచి పోయే మొత్తం రెండు చోట్లా ఒకటే ఉండేలా పెట్టి, ఇక్కడ పడే రూపాయలు ఎన్నో చూడాలి. రెండోది, పోయిన నెల రసీదుని ఈ నెల రసీదుతో పోల్చకండి. డాలరు ధర రోజూ కదులుతుంది, ఒక్కోసారి గంటలోనే పది పైసలు మారుతుంది. రెండు యాప్‌లూ ఒకే పది నిమిషాల్లో తెరిచి చూస్తేనే పోలిక. అదీ మార్కెట్లు నడిచే రోజున చూడమనండి. శని, ఆదివారాల్లో మార్కెట్ మూసి ఉంటుంది కాబట్టి, తెరిచాక ధర ఎటు పోతుందోనని కొందరు మార్జిన్ పెంచి పెడతారు.

ఇక మీ అబ్బాయి అమెరికాలో ఉండడం ఈ విషయంలో మీకు కలిసొచ్చింది. అక్కడ 2013 నుంచి ఒక నిబంధన అమల్లో ఉంది. ఇంటి ఖర్చులకి ఇలా విదేశాలకి డబ్బు పంపే వాళ్ళకి, డబ్బు కట్టకముందే కంపెనీ కొన్ని అంకెలు చూపించి తీరాలి. ప్రకటనలో ఏం రాసుకున్నా ఆ అంకెలుండే తెరని మాత్రం దాటెయ్యడానికి వీల్లేదు. అందులో మూడు లైన్లు చూస్తే చాలు. Transfer Fees దగ్గర ఫీజు, Exchange Rate దగ్గర రేటు, Total to Recipient దగ్గర మీ చేతికి వచ్చే మొత్తం ఉంటాయి. ఈ నెల పంపేటప్పుడు డబ్బు కట్టే ముందు ఆ తెరని ఫొటో తీసి మీకు వాట్సాప్‌లో పెట్టమనండి. మీరు ఆ Total to Recipient అంకెని, మీ అబ్బాయి మొత్తం కట్టిన డాలర్లతో భాగించండి. ఫీజు, మార్జిన్ అన్నీ పోగా డాలరుకి నికరంగా ఎంత వస్తోందో తేలిపోతుంది. ‘సున్నా ఫీజు’ వాళ్ళకి అది 88.90, ఫీజు తీసుకున్నవాళ్ళకి 89.30. ఏ కంపెనీ ఎన్ని మాటలు చెప్పినా పోల్చడానికి ఈ ఒక్క అంకె సరిపోతుంది.

ఆ తెర మీద అంకెల పక్కన Estimated అని ఉందేమో కూడా చూడమనండి. ఉంటే ఆ రేటు ఇంకా ఖాయం కానట్టే. లేకపోతే చూపించిన రేటే ఇవ్వాలి. కట్టిన తర్వాత మనసు మారినా, పేరో ఖాతా నంబరో తప్పు పడిందని తెలిసినా, 30 నిమిషాల లోపు రద్దు చేసుకోవచ్చు. ఈ లోపల డబ్బు మీ ఖాతాలో పడిపోకపోతే ఫీజుతో సహా వెనక్కిస్తారు. ఇప్పుడు చాలా కంపెనీలు నిమిషాల్లోనే వేసేస్తున్నాయి కాబట్టి ఈ హక్కు ఒక్కోసారి చేతికందకుండానే పోతుంది. మీ పేరు బ్యాంకు పుస్తకంలో ఎలా ఉందో అలాగే, ఇంటి పేరుతో సహా, ముందే సరిచూసుకోవడం మేలు.

డబ్బు ఎలా కడుతున్నాడో కూడా ఒకసారి అడగండి. అదే యాప్‌లో బ్యాంకు ఖాతా నుంచి కడితే ఒక రేటు, కార్డుతో కట్టి నిమిషాల్లో పంపితే ఇంకో రేటు ఉండటం మామూలే. క్రెడిట్ కార్డుతో కడితే ఇంకో చిక్కుంది. కార్డు ఇచ్చిన బ్యాంకు దాన్ని నగదు అప్పుగా లెక్కేసి, తన వంతు ఛార్జీ, ఆ రోజు నుంచే వడ్డీ వేసే అవకాశం ఉంది. అది యాప్ తెర మీద కనిపించదు, నెలాఖరు కార్డు బిల్లులో బయటపడుతుంది. మీ అద్దె ఐదో తారీఖు లోపల కట్టాలంటే, ఒకటో తారీఖున హడావిడిగా కార్డుతో పంపేకంటే, నాలుగు రోజులు ముందే బ్యాంకు ఖాతా నుంచి పంపమనండి. అన్నట్టు, అమెరికాలో 1 శాతం పన్ను వేశారని మీ చుట్టాల్లో ఎవరైనా టెన్షన్ పెడితే పట్టించుకోకండి. 2026 జనవరి 1 నుంచి వచ్చిన ఆ పన్ను నగదు, మనీ ఆర్డర్ లాంటి వాటితో కట్టి పంపేవాళ్ళకే. బ్యాంకు ఖాతా నుంచి గానీ, అక్కడి డెబిట్, క్రెడిట్ కార్డుతో గానీ కడితే పడదు.

ఇప్పుడు బెంగళూరు వైపు చూద్దాం. ఇలాంటి యాప్‌ల ద్వారా వచ్చే డబ్బు చాలావరకు రూపాయలుగా మారిన తర్వాతే మీ బ్యాంకుకి చేరుతుంది. పాస్‌బుక్ ఎంట్రీలో నెఫ్ట్ అనో ఐఎంపీఎస్ అనో ఉంటుంది. అలా వస్తే రసీదులో ఉన్న 53,340కీ, ఖాతాలో పడిన దానికీ ఒక్క రూపాయి కూడా తేడా ఉండకూడదు. మీకు అలాగే పడిందని మీ ఉత్తరంలో అంకెల్ని బట్టి అనిపిస్తోంది, రసీదుతో ఒకసారి కలిపి చూసుకోండి.

బ్యాంకు నుంచి బ్యాంకుకి స్విఫ్ట్ అనే బ్యాంకుల నెట్‌వర్క్ ద్వారా పంపినప్పుడు కథ వేరు. డాలర్లు డాలర్లుగానే బయల్దేరతాయి. అక్కడి బ్యాంకు వైర్ ఛార్జీ తీసుకుంటుంది. దారిలో ఇంకో బ్యాంకు ఉంటే అది కూడా కొన్ని డాలర్లు కోసుకోవచ్చు. పంపేటప్పుడు ఛార్జీలు ఎవరివి అని అడిగే చోట OUR అని పెడితే పంపినవాళ్ళు భరిస్తారు, SHA అంటే ఇద్దరూ, BEN అంటే మొత్తం మీ మీదే. ఆ తర్వాత ఇక్కడ మీ బ్యాంకు తన రేటుకి రూపాయల్లోకి మారుస్తుంది, దాని మీద జీఎస్టీ పడుతుంది. లక్ష లోపు అయితే మార్చిన మొత్తంలో 1 శాతాన్ని సేవ విలువగా లెక్కేసి, కనీసం 250 అనుకుని, దాని మీద 18 శాతం తీసుకుంటారు. మీ 53,000కి అది 530 మీద 95 రూపాయల 40 పైసలు. పన్ను చిన్నదే. నెలకి 600 లాంటి మొత్తాలకి ఈ దారి దండగ అనిపించేది వైర్ ఛార్జీ, మధ్యలో కోతల వల్ల. ఇల్లు కొనడానికి ఒకేసారి పెద్ద మొత్తం పంపినప్పుడు అదే ఛార్జీ లెక్కలోకి రాకుండా పోతుంది, అప్పుడు బ్యాంకుతో రేటు మాట్లాడుకునే వీలూ ఉంటుంది.

మీరు ‘ఏ ప్రకటన నమ్మాలి’ అన్నారు. నేనైతే ఇలా రాసిన దాన్ని నమ్ముతాను: “ఈ రోజు ఉదయం 10 గంటలకి మార్కెట్ రేటు 90.00. మా రేటు 89.90. ఫీజు 4 డాలర్లు. మీరు బ్యాంకు ఖాతా నుంచి మొత్తం 600 డాలర్లు కడితే అమ్మ ఖాతాలో 53,580 రూపాయలు పడతాయి. కొత్తవాళ్ళకీ పాతవాళ్ళకీ ఇదే రేటు.” ఇందులో కవిత్వం లేదు, పండగ ముగ్గులు, పట్టుచీర కట్టుకున్న అమ్మ నవ్వు బొమ్మ కూడా అక్కర్లేదు. సమయం ఉంది, పోల్చుకోవడానికి మార్కెట్ రేటు ఉంది, ఫీజు ఉంది, చివర పడే మొత్తం ఉంది. ఈ నాలుగింట్లో ఏది లేకపోయినా అదే దాస్తున్నారని అనుమానించండి. ఎక్కువగా లేకుండా పోయేది మార్కెట్ రేటు. దాన్ని తమ రేటు పక్కనే వేస్తే మార్జిన్ ఎంతో చదివేవాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది మరి.

మొదటిసారి మంచి రేటు ఇచ్చే ప్రకటనల్ని వాడుకోవద్దని నేను చెప్పను. మీ అబ్బాయికి ఓపికుంటే అలాంటి 480లు ఇంకో రెండు మూడు చోట్ల కూడా తీసుకోవచ్చు. చట్టంలో తప్పేం లేదు. కానీ ప్రతి కొత్త యాప్‌కీ పాస్‌పోర్టు లాంటి గుర్తింపు వివరాలు, బ్యాంకు వివరాలు ఇవ్వాలి. ఆ కంపెనీకి అమెరికాలో లైసెన్సు ఉందో లేదో NMLS Consumer Access అనే సైటులో పేరు కొట్టి చూసుకున్నాకే ఇవ్వమనండి. అది ఉచితం, రెండు నిమిషాల పని.

మార్కెట్ కంటే రెండు మూడు రూపాయలు ఎక్కువ రేటు, అదీ ప్రతి నెలా ఇస్తామనేవాళ్ళు తగిలితే మాత్రం దూరంగా ఉండండి. మీ ఏరియాలోనే ఎవరో ఒకాయన, ‘మీ అబ్బాయిని అక్కడ మా బావమరిది ఖాతాలో డాలర్లు వేయమనండి, నేనిక్కడ మీకు రూపాయలు చేతికిస్తాను’ అనొచ్చు. అది హవాలా. ఫెమా అనే విదేశీ మారక చట్టానికి విరుద్ధం, ఆ రూపాయలు ఎక్కడివో మీకు తెలియదు, రేపు మీ ఖాతా ఫ్రీజ్ అయితే అద్దె కట్టడానికి కూడా డబ్బు తీయలేరు. అలాగే డబ్బు వచ్చిందని, దాన్ని విడుదల చేయడానికి ‘ప్రాసెసింగ్ ఛార్జీ’ కట్టమనో, యూపీఐ పిన్ కొట్టమనో, ఓటీపీ చెప్పమనో ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. డబ్బు అందుకోవడానికి మీరు పైసా కట్టక్కర్లేదు, ఏ పిన్నూ కొట్టక్కర్లేదు.

ఈ నెల మీరు చేయాల్సింది ఇంతే. అబ్బాయి పంపే రోజు, ఇప్పటి యాప్‌తో పాటు ఇంకో రెండింటిలో 600 అని కొట్టి, ఆ మూడు తెరల ఫొటోలు మీకు పంపమనండి. అమెరికాలో ఉదయం అంటే మనకి రాత్రి, మీవారు మందులేసుకుని పడుకున్నాక తీరిగ్గా లెక్క చూసుకోవచ్చు. ఎవరిది ఎక్కువ వస్తే వాళ్ళ ద్వారా పంపమనండి, రెండు మూడు నెలలకొకసారి మళ్ళీ చూడండి. ప్రతి నెలా మారాల్సిన పని లేదు, 20, 30 రూపాయల తేడాకి అలవాటైన యాప్ వదిలేయడం దండగ. ఎప్పుడైనా రసీదులో ఉన్న Total to Recipient కంటే ఖాతాలో తక్కువ పడితే, ముందు మీ బ్యాంకు బ్రాంచిలో అక్కడేమైనా ఛార్జీ వేశారా అని అడగండి. వాళ్ళు వేయలేదంటే పాస్‌బుక్ పేజీ ఫొటో తీసి అబ్బాయికి పంపండి. డబ్బు అందాల్సిన తేదీ అని కంపెనీ చెప్పిన రోజు నుంచి 180 రోజుల లోపు ఆయన ఫిర్యాదు చేయొచ్చు, కంపెనీ దాన్ని విచారించి జవాబివ్వాలి. ఫిర్యాదు పంపినవాళ్ళే చేయాలి కాబట్టి, రసీదులు డిలీట్ చేయొద్దని అబ్బాయికి ఇప్పుడే చెప్పి ఉంచండి.